అప్‌డేట్: చెడ్డ సందేశం పక్కకు వెళ్లాక వరుస ఏమవుతుంది

నా ప్రశ్న: "ఎస్‌క్యూఎస్ ఫిఫో క్యూలో ఒక చెడ్డ సందేశం డెడ్ లెటర్ క్యూకు వెళ్తే, అదే ఆర్డరుకు చెందిన తర్వాతి సందేశాల వరుస చెదరకుండా ఉంటుందా? పరీక్షించడం ఎలా?"

ఉండదు, చెదురుతుంది. పరీక్షలో `maxReceiveCount` 3గా, `VisibilityTimeout` 2 సెకన్లుగా పెట్టి, ఒకే గ్రూపులో మూడు సందేశాలు పంపాను: పాడైన జేసన్‌తో ‘సృష్టి’, ఆపై ‘చెల్లింపు’, ‘రద్దు’. మూడు ప్రయత్నాలూ విఫలమయ్యేదాకా ఆ గ్రూపు ఆగిపోయింది. పక్క గ్రూపు సాఫీగా నడిచింది. ‘సృష్టి’ డెడ్ లెటర్ క్యూకు చేరగానే ‘చెల్లింపు’ వచ్చేసింది. పుట్టని ఆర్డరుకు డబ్బు కట్టించుకోవడమన్నమాట!

అందుకే పంపేవైపు నుంచే ప్రతి ఆర్డరు సందేశాలకూ వరుస సంఖ్య ఇప్పించాను. చివరిగా పూర్తయిన సంఖ్యను కన్స్యూమర్ డేటాబేసులో ఉంచుతుంది. మధ్యలో సంఖ్య తప్పితే ఆ సందేశాన్ని వేరే పట్టికలో ఆపుతుంది. సరిచేసిన ‘సృష్టి’ తిరిగొచ్చాక ఆపినవి వరుసగా నడిచాయి.

నకళ్లకూ ఇదే సంఖ్య పనికొచ్చింది. డేటాబేసులో కమిట్ అయ్యాక, `DeleteMessage` పిలిచేలోపు ప్రాసెస్‌ను చంపాను. సందేశం మళ్లీ వచ్చింది, సంఖ్య పాతదే కాబట్టి తొలగింపు మాత్రమే జరిగింది. ఫిఫోలోని 5 నిమిషాల నకలు వడపోత ఇక్కడ అక్కరకు రాదు, అది పంపేవైపుకే.