జిమ్ సభ్యత్వంలో ఫ్రీజ్‌కు రుసుము వసూలు చేయడం న్యాయమా?

కొత్త_వ్యాయామశాల (నల్లగొండ): గడియారం సెంటర్‌కు దగ్గరలో జిమ్ ప్రారంభిస్తున్నాను. నెల ఫీజు 1,000 రూపాయలు అనుకుంటున్నాను. జాయినింగ్ ఫీజు పెట్టాలా, వద్దా? ఊరెళ్లేవాళ్లు సభ్యత్వాన్ని కొన్నాళ్లు ఆపి ఉంచమని ఫ్రీజ్ అడిగితే ఉచితంగా ఇవ్వాలా?

పాలమూరు_ట్రైనర్ (మహబూబ్‌నగర్): ఈ రెండు ప్రశ్నలనూ విడివిడిగా తేల్చకండి. జిమ్ నడుపుతున్నవాడిగా ముందు ఫ్రీజ్ లెక్క చెబుతాను.

మీకు 150 మంది సభ్యులు ఉన్నారనుకుందాం. నెలకు లక్షా యాభై వేలు వస్తాయి. అద్దె 35,000, ఇద్దరు ట్రైనర్ల జీతాలు 36,000, కరెంటు 18,000, యంత్రాల అప్పు వాయిదా 30,000, మరమ్మతులకూ శుభ్రతకూ 6,000 అనుకుంటే ఖర్చు 1,25,000 అవుతుంది. మే నెలలో ఎండలకూ పెళ్లిళ్లకూ 30 మంది ఉచితంగా ఫ్రీజ్ చేసుకుంటే రాబడి 1,20,000కు పడిపోతుంది. కానీ 30 మంది రానంత మాత్రాన అద్దె గానీ జీతాలు గానీ వాయిదా గానీ తగ్గవు, కరెంటులో కూడా మిగిలేది స్వల్పమే. అంటే ఆ నెల 5,000 మీ చేతి నుంచి పడుతుంది. అదే ఫ్రీజ్‌కు నెలకు 250 తీసుకుంటే 7,500 వచ్చి, 2,500 మిగులుతుంది.

సూర్యాపేట_మాస్టారు: అయ్యా, ఈ లెక్కలన్నీ యజమాని వైపు నుంచే ఉన్నాయి. నేను ఒక జిమ్‌లో ఏడాదికి 8,400 ముందుగానే కట్టాను. మా నాన్నగారిని హైదరాబాద్ ఆసుపత్రిలో చేర్చవలసి వచ్చి, వారాల తరబడి అక్కడే ఉండిపోయాను. తిరిగి వచ్చి ఆ రోజులు కలపమని అడిగితే రసీదు వెనుక చిన్న అక్షరాలు చూపించారు. రాని రోజులకు డబ్బు తీసుకోవడమే అన్యాయమైతే, రాకపోయినందుకు ఇంకో 250 తీసుకోవడాన్ని ఏమనాలి?

మిర్యాలగూడ_పద్దులు: జాయినింగ్ ఫీజు అసలే వద్దు. దాని వెనుక ఖర్చేమీ లేదు, కాబట్టి అది ఊరికే తీసుకునే డబ్బు. పైగా 2025 సెప్టెంబరు 22 నుంచి జిమ్‌లపై జీఎస్టీ 18 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. ఆ తగ్గింపును సభ్యులకు ఇచ్చేస్తే సరిపోతుంది, ఈ అదనపు రుసుములు ఎందుకు?

పాలమూరు_ట్రైనర్: పద్దులు గారూ, పన్ను తగ్గిన మాట నిజమే. అయితే 5 శాతం పద్ధతిలో యంత్రాలపై కట్టిన జీఎస్టీని తిరిగి సర్దుబాటు చేసుకునే వీలు లేదు, కాబట్టి తగ్గింపు మొత్తం యజమానికి మిగిలినట్టు కాదు. ఇక నేను చెప్పిన జిమ్ ఏడాది రాబడి 18 లక్షలు. సేవలకు రిజిస్ట్రేషన్ పరిమితి 20 లక్షలు. అంటే నెల ఫీజుల వరకు పన్నే ఉండదు. జాయినింగ్ ఫీజులు కూడా ఆ 20 లక్షల్లో కలుస్తాయని మాత్రం నల్లగొండ సోదరుడు గుర్తుంచుకోవాలి.

ఇప్పుడు జాయినింగ్ ఫీజు సంగతి. కొత్తవారికి మొదటి వారం ట్రైనర్ సమయం ఎక్కువ పడుతుంది, అది కొంత ఖర్చే. కానీ దాని అసలు పని వేరు. మన ఊళ్లలో చాలామంది ఆటోపే పెట్టుకోరు. నెలనెలా ఫోన్‌పేలోనో నగదుగానో కడతారు. అలాంటివారు ఫ్రీజ్ అడగవలసిన అవసరమే లేదు, మానేసి మళ్లీ వస్తారు. తిరిగి చేరడానికి 1,000 కట్టాలని తెలిస్తేనే మూడు నెలలకు 750 ఇచ్చి సభ్యత్వం నిలుపుకుంటారు. జాయినింగ్ ఫీజు మాఫీ అని ప్రతి పండుగకూ బ్యానరు కట్టిన రోజున మీ ఫ్రీజ్ రుసుము చచ్చినట్టే. ఆ 250 ఎవరూ కట్టరు.

మిర్యాలగూడ_పద్దులు: అంటే ఆరు నెలలు వెళ్లేవాడు 1,500 కట్టడు కదా. మానేసి 1,000తో మళ్లీ చేరతాడు.

పాలమూరు_ట్రైనర్: కట్టడు, కట్టమనకూడదు కూడా. అందుకే నా దగ్గర ఫ్రీజ్ గరిష్ఠంగా మూడు నెలలే.

రన్నర్_భువనగిరి: మా దగ్గర జిమ్‌లో ఫ్రీజ్ ఉచితం. అందరూ సంతోషంగానే ఉన్నాం.

సూర్యాపేట_మాస్టారు: నేను అడిగింది మూడు నెలల గురించి కాదు. ముందుగా మొత్తం కట్టినవాడి డబ్బు మీ దగ్గరే ఉంది. వాడు ఫ్రీజ్ చేస్తే మీకు ఆ నెల ఒక్క రూపాయి తగ్గదు. మరి వాడి దగ్గర కూడా 250 ఎందుకు?

పాలమూరు_ట్రైనర్: ఇది సరైన ప్రశ్న. ఏడాది చందాదారు ఫ్రీజ్ చేస్తే జిమ్‌కు ఇప్పుడు నష్టం లేదు, చివరలో ఉంటుంది. 9,000కు 12 నెలలంటే నెలకు 750. రెండు నెలలు కలిపితే అదే డబ్బుకు 14 నెలలు, అంటే నెలకు సుమారు 643. రెన్యువల్ కూడా రెండు నెలలు వెనక్కి పోతుంది. అందుకని ఏడాదివారికి రుసుము లేకుండా, ఏడాదికి 60 రోజుల వరకు ఇస్తాను. ఒక్కో విడత కనీసం 15 రోజులు ఉండాలి, ముందే చెప్పాలి. ముందే చెప్పాలన్న షరతు లేకపోతే ఏమవుతుందో చూశాను. సభ్యత్వం ముగిసే వారంలో వచ్చి, దసరాకు పది రోజులు రాలేదు, సంక్రాంతికి వారం రాలేదు, కలపండి అంటారు. వేలిముద్ర హాజరు తీసి చూస్తే ఆ రోజుల మధ్యలో వచ్చి వెళ్లిన గుర్తులుంటాయి.

సూర్యాపేట_మాస్టారు: మా నాన్నగారికి స్ట్రోక్ వచ్చిన రాత్రి నేను మీకు ముందే దరఖాస్తు రాయాలా? ఇలాంటి నిబంధనలు రాసేవారికి ఇంట్లో జబ్బు పడిన మనిషి ఎప్పుడూ లేరా?

పాలమూరు_ట్రైనర్: మాస్టారూ, నా ఇంటి సంగతి మీకు తెలియదు, దయచేసి అటు వెళ్లకండి. ఆసుపత్రి కాగితం చూపిస్తే వెనకటి తేదీ నుంచి కూడా ఇస్తాను. మీకు అన్యాయం జరిగింది, అది ఆ జిమ్ చేసిన తప్పు. దానికి నా నిబంధనలను తప్పుపట్టకండి.

సూర్యాపేట_మాస్టారు: కటువుగా అన్నందుకు మన్నించండి, కానీ నా అభ్యంతరం అలాగే ఉంది. మీ 150 మందిలో రోజూ వచ్చేది ఎందరు? డబ్బు కట్టి రానివారి మీదనే మీ వ్యాపారం నడుస్తోంది. వారికి ఫోన్ చేసి, ఫ్రీజ్ ఉంది, వాడుకోండి అని ఎన్నడైనా చెప్పారా?

పాలమూరు_ట్రైనర్: చెప్పను. సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది వరకు నా హాలులో 40 మందికి మించి పట్టరు. అందరూ రోజూ వస్తే 1,000 రూపాయలకు ఏ జిమ్మూ నడవదు. నేను అమ్ముతున్నది తలుపు తెరిచి ఉంచడం. వచ్చేదీ రానిదీ సభ్యుడి ఇష్టం.

సూర్యాపేట_మాస్టారు: నేను కొన్నది వ్యాయామం. మన తగాదా అంతా ఇక్కడే ఉంది.

మిర్యాలగూడ_పద్దులు: ట్రైనర్ గారి మాటలో వ్యాపారం ఉంది గానీ, నెల రోజులుగా రానివాడికి ఒక సందేశం పంపితే పోయేదేముంది? వాడు మానేయవచ్చు, నిజమే. మీ దగ్గర మూడు నెలలుగా రాకుండా కడుతున్నవారు ఎందరో ముందు లెక్క తీయండి.

కొత్త_వ్యాయామశాల (నల్లగొండ): అందరికీ ధన్యవాదాలు. జాయినింగ్ ఫీజు 1,000 పెడుతున్నాను, ఆఫర్లలో కూడా మాఫీ చేయను. నెలవారీ సభ్యులకు ఫ్రీజ్ 250, గరిష్ఠంగా మూడు నెలలు. ఏడాదివారికి 60 రోజులు ఉచితం. ఈ నిబంధనలను రసీదు వెనుక కాకుండా ముందు వైపున పెద్ద అక్షరాల్లో తెలుగులో అచ్చు వేయిస్తాను. రానివారికి సందేశం పంపే విషయం మాత్రం ఇంకా తేల్చుకోలేదు.

సూర్యాపేట_మాస్టారు: ఆసుపత్రి నిబంధన కూడా అచ్చు వేయించండి. కన్నవారికో, భార్యాబిడ్డలకో జబ్బు చేసినా అది వర్తిస్తుందని స్పష్టంగా రాయండి.

పాలమూరు_ట్రైనర్: నా రసీదులో సభ్యుడి సొంత జబ్బు మాత్రమే రాసి ఉంది. కుటుంబం అంటే ఎవరెవరు, ఏ కాగితం చూపాలి అన్నది రాయకపోతే రేపు కౌంటర్ దగ్గర మళ్లీ ఇదే గొడవ వస్తుంది. మీరు ఎలా రాస్తారో ఇక్కడ పెట్టండి, చూస్తాను.