ఆటో కిరాయి సంవాదం: ఎదురు జవాబు ఎందుకు పేలట్లేదు?

లలిత: నాటికకు చిన్న సంవాదం రాస్తున్నాను. సికింద్రాబాద్ స్టేషన్ నుంచి తార్నాకకు ఆటో అన్న 150 అడుగుతాడు, ప్రయాణికుడు 80 దాటడు. "నువ్వు దొంగవి", "నువ్వు పిసినారివి" దగ్గర ఆగిపోయింది. తిట్లు పెంచాలా?

యాదగిరి: తగ్గించండి. "దొంగ" అంటే తిరిగి తిట్టడం తప్ప అవతలివాడికి దారి లేదు. ప్రతి మాటలో పట్టుకోవడానికి ఒక వస్తువు ఉండాలి, జవాబు దాన్ని అందుకొని తిప్పాలి. ఇలా:

— తార్నాకకు ఎంత తీస్కుంటవ్ అన్నా?
— నూట యాభై ఇయ్యి సార్.
— ఆటో తోటి ఇస్తవా, ఒట్టి సవారీయేనా?
— ఆటో తోటే తీస్కపో సార్. నెలనెలా కిస్తీ నువ్వు కట్టు.
— కిస్తీ వద్దు గని మీటర్ ఎయ్యి.
— మీటర్ ఖరాబైంది సార్.
— పాపం, దానికి నా మొఖం నచ్చలేనట్టుంది.
— మొఖం కాదు సార్, నీ జేబు చూసి బెదిరింది.
— ఎనభై ఇస్త.
— ఎనభైకి మెట్టుగూడ దాకా నేను నడుపుత. ఆడికెంచి నువ్వు నూకు సార్.
— నూకుడు నాదైతే కిరాయి నువ్వే ఇయ్యాలె!

ఆటో, కిస్తీ, మీటర్, జేబు, నూకుడు: ఒకరు వదిలిన కొస ఇంకొకరు పట్టుకున్నారు. ఎవరి కులం, రూపం, ఊరు జోలికీ పోలేదు.

సుబ్బారావు: డ్రైవర్ "సార్" అంటూనే "ఇయ్యి", "కట్టు" అంటాడేమిటి? "ఇవ్వండి" అనాలి.

యాదగిరి: కోస్తా డ్రైవర్ అయితే మీ మాటే సరి. ఇక్కడ "సార్", "నువ్వు" పక్కపక్కనే నడుస్తాయి, అందులో అమర్యాద లేదు. నవ్వు నిలిచేదీ ఆ "సార్" మీదే. అది జారిపోయిన చోట నిజం గొడవ మొదలవుతుంది, ప్రేక్షకులు నవ్వడం ఆపేస్తారు.

మాధవి: అసలు తార్నాకకు న్యాయమైన కిరాయి ఎంత? మొన్న నన్ను 200 అడిగారు. ఎక్కడ ఫిర్యాదు చేయాలి?

యాదగిరి: ఫిర్యాదు సంగతి వేరే చర్చ గానీ, మీ ప్రశ్న నాటికకు పనికొస్తుంది. 2014 నాటి మీటర్ రేటు మొదటి 1.6 కిలోమీటర్లకు 20 రూపాయలు, ఆపైన కిలోమీటరుకు 11. దూరం 4.6 అనుకుంటే 20కి 33 కలిపి 53. అంటే 80 ఇస్తానన్నవాడు మొండివాడు కాదు, 27 ఎక్కువే ఇస్తున్నాడు! లలిత గారూ, అతన్ని 53 దగ్గరే నిలబెట్టండి. డ్రైవర్ మాత్రం 150, 120, 100 అని దిగాలి. ఇద్దరూ కదలకపోతే అదే మాట మళ్లీ మళ్లీ వస్తుంది. ఇద్దరూ కదిలితే బేరం కుదిరి సంవాదం చచ్చిపోతుంది.

లలిత: 53 బాగుంది. మరి ముగింపు? ఎక్కాలా, వద్దా?

సుబ్బారావు: ఎక్కకూడదు. సిటీ బస్సు రావాలి, డ్రైవరే "ఎక్కు సార్, నీకు తగ్గ బండి" అని సాగనంపాలి.

యాదగిరి: నాకైతే ఎక్కాలి. తార్నాకలో దిగాక 3 రూపాయల చిల్లర మీద రెండో విడత మొదలుపెట్టొచ్చు.