రెవెన్యూ, లాభం, నెట్‌వర్త్: ఒకే కంపెనీకి ఇన్ని అంకెలా? ఏది రాయాలి?

పట్టికల_పిల్ల
అందరికీ నమస్కారం. పొద్దుటి నుంచి ఒక కంపెనీ ఫైలింగ్ ముందేసుకుని కూర్చున్నాను, తల వాచిపోయింది. నాకు కావలసింది మూడే అంకెలు. రెవెన్యూ, లాభం, నెట్‌వర్త్. పట్టికలో మూడు గళ్ళు నింపాలి, అంతే. రెవెన్యూ దగ్గర 25,493.7 అని ఉంది. అంత పెద్ద కంపెనీకి పాతిక వేలేనా? వేరేచోట అదే కంపెనీ అమ్మకాలు దాదాపు 130 బిలియన్లని రాశారు. లాభం అనిపించే వరసలు రెండు మూడున్నాయి. నెట్‌వర్త్ అనే మాటైతే ఫైలింగ్ మొత్తం వెతికినా దొరకలేదు. ఒక సైటేమో నెట్‌వర్త్ 200 బిలియన్ల పైమాట అంటోంది. ఎవరిది తప్పు? దయచేసి ఎవరైనా చెప్పండి.

నిక్కచ్చి
ఏ కంపెనీ? ఏ సంవత్సరం? అవి చెప్పకపోతే ఎలా?

మార్జిన్_మాస్టారు
అమ్మా, ముందు "లాభం" అని ఊరికే అనడం మానేయాలి. ఆపరేటింగ్ లాభం వేరు, పన్నుకు ముందు లాభం వేరు, నికర లాభం వేరు. నేను ఏళ్ళ తరబడి చెబుతూనే ఉన్నాను, కంపెనీ సత్తా తెలిసేది ఆపరేటింగ్ లాభంలోనే. వ్యాపారం నడపడానికైన ఖర్చులు పోగా మిగిలింది అది. ఆ తర్వాత వచ్చే వడ్డీ అప్పు చేసిన తీరును బట్టి ఉంటుంది, పన్ను ప్రభుత్వాన్ని బట్టి ఉంటుంది. రెండు కంపెనీలను పక్కపక్కన పెట్టి పోల్చాలంటే ఆపరేటింగ్ లాభాన్ని రెవెన్యూతో భాగించి చూడాలి. ఈ ఒక్క అలవాటు చేసుకుంటే సగం గందరగోళం పోతుంది.

పట్టికల_పిల్ల
మాస్టారూ, నా పట్టికలో లాభానికి ఒకటే గడి ఉందండీ. కంపెనీ మెక్‌డొనాల్డ్స్. 2023వ సంవత్సరానిది. అమెరికా మార్కెట్ నియంత్రణ సంస్థ ఎస్‌ఈసీ వాళ్ళ ఎడ్గార్ సైట్‌లో తీసిన వార్షిక నివేదిక, 10-K. ఇది చెప్పాలని తట్టలేదు, క్షమించండి.

నిక్కచ్చి
పట్టిక పైన `In millions` అని ఉంటుంది, చూడండి. 25,493.7 మిలియన్లు. అంటే 25.5 బిలియన్ డాలర్లు.

ఖాతాల_గంగ
నిక్కచ్చి గారు చెప్పింది సరైనదే. మిగతాది నేను చెబుతాను. ఆడిట్ పనిలో ఉన్నాను, ఇలాంటి పత్రాలు రోజూ చూస్తుంటాను.

మొదట ఆ 130 బిలియన్ల సంగతి. మెక్‌డొనాల్డ్స్ పేరుతో నడిచే రెస్టారెంట్లలో దాదాపు 95 శాతం ఫ్రాంచైజీలవి. వాటి గల్లాపెట్టెలో పడే డబ్బు ఆ ఫ్రాంచైజీ యజమానుల రెవెన్యూ, కంపెనీది కాదు. కంపెనీకి వాళ్ళిచ్చే అద్దె, రాయల్టీ వస్తాయి. 130 బిలియన్లన్నది ఆ గొడుగు కింద ఉన్న అన్ని రెస్టారెంట్ల అమ్మకాలూ కలిపిన మొత్తం. ఫైలింగ్‌లో దాన్ని `Systemwide sales` అంటారు. కంపెనీ తన సొంత రెవెన్యూగా లెక్కేసుకున్నది 25.5 బిలియన్లు మాత్రమే. అందులో దాదాపు 15.4 ఫ్రాంచైజీల నుంచి వచ్చింది, 9.7 సొంతంగా నడిపే రెస్టారెంట్ల అమ్మకం, కాస్త ఇతరం. కాబట్టి ఎవరిదీ తప్పు కాదు, అవి రెండు వేర్వేరు విషయాలు.

లాభానికి ఒకటే గడి ఉంటే, ప్రత్యేకంగా ఏమీ చెప్పనప్పుడు, `Net income` వరస తీసుకోండి. 8,468.8 మిలియన్లు. మాస్టారు చెప్పిన ఆపరేటింగ్ లాభం దానికి పైన 11.6 బిలియన్లుగా కనిపిస్తుంది. వడ్డీ, పన్ను పోయాక 8.5 దగ్గరికి వచ్చింది. రెవెన్యూ, లాభం రెండూ ఒకే పట్టికలో ఉంటాయి, ఎందుకంటే రెండూ ఏడాది పొడుగునా జరిగినదాని లెక్క. నెట్‌వర్త్ ఆ పట్టికలో ఉండదు. అది డిసెంబరు 31 నాటి స్థితి, కాబట్టి బ్యాలెన్స్ షీటులో వెతకాలి. ఆ పేరుతో ఉండదు గనక మీకు దొరకలేదు. `Total shareholders' equity` అన్న వరస చూడండి.

షేర్_శీను
అంత తిప్పలెందుకండీ. నెట్‌వర్త్ అంటే షేరు ధరను షేర్ల సంఖ్యతో గుణించడమే. ఆ 200 బిలియన్ల పైమాట అదే. అది రాసేయండి.

ఖాతాల_గంగ
శీను గారూ, మీరు చెప్పింది మార్కెట్ విలువ. ఆ సైటు అంకె ఎక్కడిదో మీరు సరిగ్గానే పట్టుకున్నారు, కానీ అది నెట్‌వర్త్ కాదు. మదుపరులు రేపటి లాభాలకు ఈరోజు కట్టిన ధర అది. నెట్‌వర్త్ అంటే ఆస్తుల్లోంచి అప్పులు, ఇవ్వవలసినవి తీసేస్తే పుస్తకాల్లో మిగిలేది. ఆ లెక్కలో షేరు మార్కెట్ ధర ప్రసక్తే ఉండదు.

షేర్_శీను
మార్కెట్ వద్దంటే పుస్తకాన్ని నమ్మాలా? రేపు ఆ కంపెనీని ఎవరైనా కొనాలంటే మార్కెట్ ధరే ఇవ్వాలి కదా. నా లెక్కలో అసలు విలువ అదే.

పట్టికల_పిల్ల
గంగ గారూ, మీరు చెప్పిన వరస దొరికింది. కానీ అక్కడ 4,706.7 బ్రాకెట్లో ఉంది. బ్రాకెట్ అంటే మైనస్ కదా? 8 బిలియన్లు లాభం తెచ్చుకున్న కంపెనీ నెట్‌వర్త్ మైనస్ ఎలా అవుతుంది? అచ్చు తప్పా?

షేర్_శీను
చూశారా! అప్పులు ఆస్తుల్ని మించిపోయాయంటే దివాలా దగ్గర పడ్డట్టే. అందుకే ఆ అంకెను నేను పట్టించుకోను.

ఖాతాల_గంగ
అచ్చు తప్పు కాదు, దివాలా కూడా కాదు. మొదటి సగం మాత్రం నిజం. ఆస్తులు 56.1 బిలియన్లు, ఇవ్వవలసినవి దాదాపు 60.9. తేడా మైనస్ 4.7. అది ఎందుకొచ్చిందో చెప్పే వరసలు ఆ మొత్తానికి సరిగ్గా పైనే ఉన్నాయి. మిలియన్లలో ఇస్తున్నాను:

```
Common stock                               16.6
Additional paid-in capital              8,893.3
Retained earnings                      63,479.9
Accumulated other comprehensive loss   (2,456.0)
Common stock in treasury              (74,640.5)
Total shareholders' equity (deficit)   (4,706.7)
```

మూడో వరస చూడండి. పుట్టినప్పటి నుంచి వచ్చిన లాభాల్లో డివిడెండ్లు పంచాక మిగిలినది 63.5 బిలియన్లు. నష్టాల వల్ల మునిగిన కంపెనీకి ఈ వరస మైనస్‌లో ఉండేది. ఇప్పుడు ఐదోది చూడండి. కంపెనీ తన షేర్లను తానే మార్కెట్లో కొనడానికి పెట్టిన డబ్బు, 74.6 బిలియన్లు. షేర్లు కొంటే చేతిలో నగదు తగ్గుతుంది, దానికి బదులుగా ఆస్తి ఏదీ రాదు, ఎందుకంటే కంపెనీ సొంత షేరు ఆ కంపెనీకి ఆస్తి కాదు. అందుకే ఆ మొత్తమంతా నెట్‌వర్త్ నుంచి తగ్గిపోతుంది. దశాబ్దాల లాభాన్ని మించి, అప్పు కూడా తెచ్చి, వాటాదారులకు తిరిగి ఇచ్చేశారు. 2015 చివర్లో ఈ అంకె ప్లస్‌లోనే ఉండేది, 2016లో మైనస్‌లోకి దిగింది.

మీ మూడు అంకెలకూ సంబంధం కూడా ఇక్కడే కనిపిస్తుంది. 2022 చివర్లో ఈ లోటు 6.0 బిలియన్లు, 2023 చివరికి 4.7. ఏడాదిలో 8.5 లాభం వస్తే నెట్‌వర్త్ పెరిగింది 1.3 మాత్రమే. డివిడెండ్లకి 4.5, షేర్ల కొనుగోలుకి 3 పైన పోయాయి, ఉద్యోగులకిచ్చే షేర్ల లాంటి చిన్న సర్దుబాట్లు కొంత కలిశాయి. లాభం నెట్‌వర్త్‌లోకి వచ్చి చేరుతుంది, పంచినది దాన్లోంచే పోతుంది.

దివాలా మాటకొస్తే, బాకీలు గడువుకి తీర్చలేకపోవడమే దివాలా. ఈ కంపెనీ వ్యాపారం ఆ ఏడాది 9.6 బిలియన్ల నగదు తెచ్చింది. వడ్డీ ఖర్చు 1.4 లోపే.

చిన్న_సంస్థ
గంగ గారూ, ఇదే మాట మీద నాదొక సందేహం. మా చిన్న కంపెనీకి బ్యాంకు వాళ్ళు నెట్‌వర్త్ ఎంతని అడుగుతున్నారు. డైరెక్టర్లం కలిసి కంపెనీకి అప్పుగా డబ్బు పెట్టాం. మా డబ్బే కాబట్టి అది నెట్‌వర్త్‌లో కలిపేయొచ్చా?

ఖాతాల_గంగ
కలపకూడదండీ. అప్పుగా పెట్టారు కనక అది కంపెనీ తీర్చవలసిన బాకీ. షేర్లుగా మార్చుకుంటే అప్పుడు చేరుతుంది.

నిక్కచ్చి
గంగ గారూ, మూడో వరస మైనస్ అయితే నష్టాలు అన్నారు. అన్ని చోట్లా కుదరదు. ఆపిల్ 2023 ఫైలింగ్‌లో ఆ వరస మైనస్ 214 మిలియన్లు. ఆ ఏడాది వాళ్ళ నికర లాభం 97 బిలియన్లు.

ఖాతాల_గంగ
మంచి మాట పట్టుకున్నారు. ఆపిల్ తిరిగి కొన్న షేర్లను రద్దు చేస్తుంది. అందుకని వాళ్ళ దగ్గర ట్రెజరీ వరసే ఉండదు, ఆ ఖర్చులో చాలా భాగం నేరుగా పోగైన లాభాల్లోంచే తీస్తారు. కాబట్టి ఆ వరస మైనస్‌లో కనిపిస్తే అక్కడే ఆగకండి. నాలుగైదేళ్ళ నికర లాభం చూడండి, నగదు ప్రవాహాల పట్టికలో షేర్ల కొనుగోలు ఎంతో చూడండి. లాభాలు నిలకడగా ఉండి కొనుగోలు భారీగా ఉంటే కారణం నష్టాలు కాదు.

మార్జిన్_మాస్టారు
ఇంకొక సంగతి ఎవరూ అనలేదు. ఈ కంపెనీకి సొంత స్థలాలు చాలా ఉన్నాయి, వాటిని పుస్తకాల్లో కొన్ననాటి ధరకే చూపిస్తారు. ఎప్పుడో కొన్న భూమి ఇవాళ ఎన్ని రెట్లు చేస్తుందో! అది కలిపితే మైనస్ 4.7 నిలుస్తుందా?

షేర్_శీను
నేను మొదటి నుంచీ అంటున్నది అదే కదా మాస్టారూ. పుస్తకంలో అసలు విలువ కనపడదు.

ఖాతాల_గంగ
భూమి విషయంలో మీ ఇద్దరి మాటా కాదనను. అమెరికా లెక్కల పద్ధతిలో పెరిగిన భూమి ధరను బ్యాలెన్స్ షీటుకెక్కించరు. ఆ ఫైలింగ్ చూసి ఇవాళ్టి భూమి విలువ లెక్కకట్టలేం కూడా. కానీ అడిగింది ఫైలింగ్‌లోని నెట్‌వర్త్ కాబట్టి, అక్కడున్న అంకె మైనస్ 4.7 బిలియన్లే.

షేర్_శీను
ఫైలింగ్‌లో ఉందని రాయడం వేరు, అది విలువ అనడం వేరు. ఈ మాట మీద నేను వెనక్కి తగ్గను.

పట్టికల_పిల్ల
రెవెన్యూ 25.5, లాభం 8.5 రాసేశాను, పైన "బిలియన్ డాలర్లలో, 2023" అని పెట్టాను. మూడో గడిలో మైనస్ రాస్తే పట్టిక ఎరుపు రంగు చూపించి తీసుకోనంటోంది. తయారుచేసినవాళ్ళు మార్కెట్ విలువనే అడిగారేమో, రేపు కనుక్కుంటాను. థాంక్స్ అండీ అందరికీ.

చిన్న_సంస్థ
గంగ గారూ, ఆ అప్పును ఇప్పుడు షేర్లుగా మారిస్తే, బ్యాంకు వాళ్ళు పోయిన మార్చి నాటి బ్యాలెన్స్ షీటు అడిగితే అందులో చూపించొచ్చా?