ఏప్రిల్ డేటు చెక్కు మార్చి 31 లెక్కల్లో ఎలా చూపించాలి?

అన్నా, మాది రాయగడలో హార్డ్‌వేర్ షాపు, సిమెంటు విజయనగరం నుంచి తెస్తాం. మార్చి 26న ఆ పార్టీకి రెండు చెక్కులిచ్చాం, ఒకటి మార్చి 30 డేటుతో 60,000, ఇంకోటి ఏప్రిల్ 20 డేటుతో 1,80,000. మా గుమస్తా రెండూ ఆ రోజే టాలీలో పేమెంట్ కొట్టేశాడు, ఇప్పుడు మార్చి 31కి బ్యాంకు లెడ్జరు 95,000 మైనస్ చూపిస్తోంది, పాస్‌బుక్కులోనేమో 1,45,000 ఉంది, మాకసలు ఓడీయే లేదు!

నాకర్థమైనంతలో 60,000ది ఏప్రిల్ 3న క్లియరైంది కాబట్టి బ్యాంకు రీకన్సిలియేషన్‌లో పడితే చాలు, 1,80,000 మాత్రం డేటు రాలేదు గనక మార్చి 31కి పార్టీకి బాకీగానే ఉండాలి, అప్పుడు లెడ్జరు 85,000 ప్లస్‌కొస్తది. తీరా చూస్తే ఆ పార్టీ రెండు చెక్కులూ జమ వేసేసుకుని బాకీ సున్నా అని కన్ఫర్మేషన్ లెటరు పంపాడు. పేమెంట్ ఎంట్రీ డేటు ఏప్రిల్ 20కి మార్చేస్తే సరిపోద్దా, ఆ లెటరు మీద ఏం రాసి సంతకం పెట్టాలి?