చివరి ఆర్డర్: 48 చాలా, 60 కావాలా?

బాలానగర్ సర్వీస్: 60 పాత సీఎన్‌సీ లేత్‌లు మా సర్వీసులో ఉన్నాయి. వాటి స్పిండిల్ డ్రైవ్‌లోని ఐజీబీటీ మాడ్యూల్ తయారీ ఆపేస్తున్నారు. నెలాఖరులోగా చివరి ఆర్డర్ ఇవ్వాలి. ఒక్కోటి 7,000. ఇంకో 8 ఏళ్లు నడపాలి. ఎన్ని తీసుకోవాలి?

స్టోర్స్ మనిషి: ఐదేళ్ల సగటు తీసి 8తో గుణించండి, అంతకు మించి ఒక్కటీ వద్దు. మా ర్యాకుల్లో ఇలా కొన్న సరుకు ఇంకా మూలుగుతోంది. తక్కువైతే అప్పుడు మార్కెట్లో చూసుకోవచ్చు.

బాలానగర్ సర్వీస్: జాబ్ కార్డులు తీశాను. మార్చినవి ఏడాదివారీగా 4, 5, 5, 7, 9. సగటు 6, అంటే 48.

విశాఖ డ్రైవ్ రిపేర్: సగటు మిమ్మల్ని మోసం చేస్తుందండీ, మెషిన్లు ముసలివవుతున్న కొద్దీ ఏటా పెరుగుతోంది. అలాగని 9ని 8తో గుణించినా తప్పే, మెషిన్లు స్క్రాప్‌కీ వెళ్తాయి కదా. ఏటా ఎన్ని పోతాయి?

బాలానగర్ సర్వీస్: ఆరు దాకా.

విశాఖ డ్రైవ్ రిపేర్: అయితే 60, 54, 48... అలా చివరి ఏడాదికి 18. ఎనిమిదేళ్లూ కూడితే 312. పోయిన ఏడాది వంద మెషిన్లకు 15 చొప్పున మాడ్యూళ్లు కాలాయి. అదే నిలిస్తే 47, వందకు 20కి పెరిగితే 62. మాడ్యూల్ లేక డ్రైవ్ మొత్తం మార్చాలంటే ఎంతవుతుంది?

బాలానగర్ సర్వీస్: 1,80,000. మెషిన్ ఆగిన నష్టం వేరే.

విశాఖ డ్రైవ్ రిపేర్: 12 ఎక్కువ కొంటే 84,000. అవన్నీ మిగిలిపోయినా ఒక డ్రైవ్ ఖర్చులో సగం కాలేదు. 60 తీసుకోండి. తర్వాత మార్కెట్లో దొరుకుతాయన్న మాట నమ్మకండి. పాతవాటికి కొత్త ప్రింటు వేసి అమ్ముతారు. స్క్రూ రంధ్రాల చుట్టూ గీతలు, అంచున తెల్లటి థర్మల్ గ్రీజు మరక కనిపిస్తే అది వాడేసిందే.

కెపాసిటర్ బాధితుడు: అన్నా, జాగ్రత్త! ఆరేళ్లు స్టాకులో ఉన్న కెపాసిటర్లు బిగిస్తే ఆన్ చేయగానే ఒకటి పేలింది. ఇవీ అంతేగా?

విశాఖ డ్రైవ్ రిపేర్: అది ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్ల గొడవ తమ్ముడూ. కరెంటు లేకుండా ఏళ్లతరబడి పడుంటే లోపలి ఆక్సైడ్ పొర బలహీనపడుతుంది, ఓల్టేజీ మెల్లగా పెంచుతూ మళ్లీ సిద్ధం చేయాలి. మాడ్యూల్‌కు ఆ బాధ లేదు. తేమ తగలకుండా, యాంటీ స్టాటిక్ కవర్లోనే ఉంచితే చాలు.

స్టోర్స్ మనిషి: మాడ్యూల్ పేలితే గేట్ డ్రైవర్ బోర్డునూ చాలాసార్లు తీసుకుపోతుంది. అది దొరక్కపోతే మీ 60 ఏం చేసుకుంటారు?

విశాఖ డ్రైవ్ రిపేర్: ఆ మాట నిజమే. ఆర్డర్ ఇచ్చేముందు బోర్డు విప్పి చూడాల్సిందే.

బాలానగర్ సర్వీస్: ఇప్పుడే ఒకటి విప్పాను. ఆప్టోకప్లర్లు మామూలువే. పక్కనున్న నల్లటి హైబ్రిడ్ ఐసీ నంబరు మాత్రం డీలర్ దగ్గర లేదంటున్నారు. మాడ్యూల్‌తో పాటు కాలిన పాత బోర్డులు 9 ఉన్నాయి, రేపు వాటి మీది ఐసీల్లో ఎన్ని బతికున్నాయో టెస్ట్ చేస్తాను.