సంక్రాంతి బహుమతుల బాక్స్ నెల్లూరు నుంచి లండన్‌కి, ఖర్చు ఎంత వేసుకుందాం?

పద్మ (లండన్): మన సంఘం సంక్రాంతి ఈవెంట్‌లో పిల్లల పోటీలకి ఉదయగిరి చెక్క గరిటెల సెట్లు 40, లక్కీ డ్రాకి వెంకటగిరి కాటన్ చీరలు 4, అన్నీ కలిపి 14,400 అయినాయి. నెల్లూరులో అన్న కాటా పెడితే అట్టపెట్టెతో సహా 11.2 కిలోలు వచ్చింది. కొరియర్ వాళ్ళు కిలో 650 చెప్పారు కాబట్టి బడ్జెట్‌లో 7,500 రాసుకోనా?

రమణ (నెల్లూరు): అట్టా రాయబాకమ్మా, పెట్టె కొలతలు చెప్పు ముందు.

పద్మ: 60, 45, 40 సెంటీమీటర్లు.

రమణ: అదీ సంగతి. మూడూ గుణించి 5000తో భాగిస్తే 21.6 వస్తుంది, ఎక్స్‌ప్రెస్ కొరియర్ వాళ్ళు కాటా బరువు, ఈ లెక్క రెండిట్లో ఏది ఎక్కువైతే దానికే బిల్లేస్తారు, పైన అర కిలోకి పెంచి. అంటే 22 కిలోలకి 14,300. సగం పెట్టె గాలే కదా! గరిటెల్ని ఒకదాంట్లో ఒకటి ఇమిడేట్టు పేర్చి, సందుల్లో చీరలు దోపి 45, 40, 30 పెట్టెలో సర్దితే 10.8 అవుద్ది, అప్పుడు కాటా బరువే ఎక్కువ కాబట్టి 11.5 కిలోలకి 7,475. కానీ కుక్కి ఉబ్బెత్తుగా చేయబాకండి, వాళ్ళు ఉబ్బిన చోటే కొలుస్తారు, మూడు వైపులా రెండేసి సెంటీమీటర్లు పెరిగినా 13 కిలోల బిల్లు పడుద్ది.

సుధాకర్ (లండన్): గిఫ్ట్ అని రాస్తే కస్టమ్స్ ఉండదు గదా, మా అమ్మ ఒంగోలు నుంచి చీర పంపితే ఏమీ కట్టలా.

రమణ: ఒక మనిషి ఇంకో మనిషికి పంపేది, 39 పౌండ్ల లోపుంటేనే అది. మనది సంఘం ఈవెంట్‌కి పంపే సరుకు, గిఫ్ట్ అని రాస్తే అబద్ధం రాసినట్టే. పౌండు 120 అనుకుంటే సరుకు 120 పౌండ్లు, 135 దాటలేదు కాబట్టి డ్యూటీ లేదు, వ్యాట్ మాత్రం 20 శాతం, అదీ సరుకు మీదే కాదు, కొరియర్ ఖర్చు 62 పౌండ్లు కూడా కలిపి. దగ్గర దగ్గర 36 పౌండ్లు, అంటే 4,400 దాకా. పైన కొరియర్ వాడి హ్యాండ్లింగ్ ఫీజు వేరే.

లక్ష్మి (కందుకూరు): అమెరికాలో మా మేనకోడలికి గోంగూర పచ్చడి పంపాలి, దానికీ ఇదే లెక్కా?

పద్మ: అక్కా, ఇది లండన్ పార్సెల్ గురించి, అమెరికా రూల్స్ వేరే. పెట్టె కొలతల లెక్క మాత్రం అక్కడికీ ఉంటది. అన్నా, మలై కాజా రెండు కిలోలు పెట్టమంటున్నారు మావాళ్ళు.

రమణ: పాలతో చేసినవి ఇండియా నుంచి యూకేకి పార్సెల్లో రానివ్వరు. దాని కోసం మొత్తం పెట్టె ఆపించుకుంటామా?

సుధాకర్: అయితే చీరలు వేరేగా ఎవరన్నా సూట్‌కేసులో తెస్తే?

పద్మ: డిసెంబర్లో వచ్చేవాళ్ళని అడగాలి. ప్రస్తుతానికి కొరియర్, వ్యాట్ కలిపి 12,000 రాసి, హ్యాండ్లింగ్‌కి కొంచెం విడిగా పెడతా. అన్నా, ఆ 650లో ఫ్యూయల్ సర్‌ఛార్జీ, జీఎస్టీ కలిసుండాయా లేదా అని కొటేషన్ రాయించుకుని పెట్టు, అదొక్కటే తేలాల.