రెఫరల్ మెసేజ్: ముందు ‘హాయ్’ పెట్టాలా, అంతా ఒకేసారి పంపాలా?

బ్యాకెండ్_బాబు: పాత టీమ్‌మేట్ ఒకాయన ఇప్పుడు వేరే కంపెనీలో ఉన్నారు. మూడేళ్లుగా మాటల్లేవు. రెఫరల్ కోసం ముందు ‘హాయ్ అన్నా’ అని పలకరించి ఆగాలా, ఒకేసారి అన్నీ పంపేయాలా?

వరంగల్ టెస్టర్: ముందు పలకరించండి బ్రో. మూడేళ్ల తర్వాత నేరుగా పని చెబితే, అవసరానికే గుర్తొచ్చామా అనుకుంటారు.

మాజీ రిక్రూటర్: ఉత్త ‘హాయ్’ వస్తే ఆయనకీ అర్థమైపోతుంది, ఏదో అడగబోతున్నారని. పలకరింపు ఒక్క లైను చాలు, వెంటనే విషయం చెప్పండి. కానీ మెసేజ్ రెండు ముక్కలుగా పంపండి. మొదటిది ఆయనకి: ‘అన్నా, బిల్లింగ్ ప్రాజెక్టులో మీ టీమ్‌లో చేశాను. మీ దగ్గర ఈ జాబ్ పడింది. రెఫర్ చేయగలరా? కుదరకపోతే పర్లేదు.’

రెండోది ఆయన ఏమీ మార్చకుండా ముందుకు పంపేది. అందులో ‘అన్నా’ ఉండకూడదు. అక్కడి మేనేజర్ తెలుగు రాని పుణె ఆయన కావచ్చు, కాబట్టి ఇంగ్లిష్‌లో రాయండి. సారాంశం ఇది: ‘జావా బ్యాకెండ్, 6 ఏళ్లు, హైదరాబాద్, నోటీస్ 60 రోజులు. రోజువారీ బిల్లింగ్ రన్ 4 గంటల నుంచి 50 నిమిషాలకు తగ్గించిన పనిలో డేటాబేస్ భాగం చూశారు.’ కింద జాబ్ ఐడీ, లింకు, ఫోను, మెయిల్.

డల్లాస్ బావ: మరీ మొహమాటమెందుకు? చాలా కంపెనీల్లో రెఫర్ చేసినవాళ్లకి బోనస్ ఇస్తారు. లాభం వాళ్లకే.

మాజీ రిక్రూటర్: బోనస్ నిజమే, అయితే మీరు చేరాకే. పైగా ఫారంలో ‘ఈయన మీకెలా తెలుసు, పని చూశారా’ అని అడుగుతారు. అక్కడ ఆయన పేరు పణంగా పెట్టాలి. అందుకే ‘చాలా ప్రతిభావంతుడు’ లాంటి పొగడ్తలు మీరే రాసివ్వకండి. ఆయన సరిచూసుకోగల పని మాత్రమే రాయండి, మెచ్చుకోలు ఆయనకే వదిలేయండి.

కడప_పద్మ: మా తమ్ముడు ఫ్రెషర్ అండీ, వాడి రెజ్యూమె ఎవరికైనా పంపొచ్చా?

వరంగల్ టెస్టర్: పద్మగారూ, దానికి వేరే పోస్టు పెట్టండి. ఇక్కడ కలిసి పనిచేసినవాళ్ల సంగతి. బాబూ, నువ్వైతే ముందు పోర్టల్‌లో అప్లై చేసేసి, తర్వాత అడుగు.

మాజీ రిక్రూటర్: వద్దు! చాలా చోట్ల మీ మెయిల్ ఐడీ సిస్టమ్‌లో ముందే ఉంటే రెఫరల్ మీ అప్లికేషన్‌కి జతకాదు. ‘ఇంకా అప్లై చేయలేదు’ అని మెసేజ్‌లోనే చెప్పండి. ముందే చేసుంటే అదీ చెప్పండి, దాచితే ఫారం నింపేటప్పుడు ఆయనే ఇబ్బంది పడతారు.

బ్యాకెండ్_బాబు: రెజ్యూమె కూడా మొదటిసారే పెట్టేయనా?

మాజీ రిక్రూటర్: పెట్టండి, పీడీఎఫ్‌లో. ఫైలు పేరు ‘ఫైనల్ న్యూ 3’ కాకుండా మీ పేరే ఉండాలి.

వరంగల్ టెస్టర్: ఇక్కడ మాత్రం ఒప్పుకోను. ఆయన సరే అనకముందే ఫైలు పంపితే, ఒప్పుకున్నారని మనమే తేల్చేసినట్టు ఉంటుంది. నాకొస్తే నేను తెరవను.